రిఫ్రెష్ అయ్యాక పాత నెల అంకె మారిపోతోంది, ఏది సరైనదని చెప్పాలి?

కొత్తమొహం
మార్చి ఆర్డర్ల సంఖ్య ఏప్రిల్ 2న పొద్దున రిపోర్టులో 4,120 అని వెళ్ళింది. మీటింగులో దానిమీద మాట్లాడారు, ఒకాయన ఆ అంకె పట్టుకుని తన టార్గెట్లు కూడా వేసేసుకున్నాడు. ఏప్రిల్ 20న అదే డ్యాష్‌బోర్డు తెరిస్తే మార్చికి 4,037 చూపిస్తోంది. ఎవరూ ఏమీ మార్చలేదు, కోడ్ కూడా ముట్టుకోలేదు.

మా లోడ్ పద్ధతి చెప్తా. రోజూ రాత్రి గత 90 రోజుల రికార్డులు డిలీట్ చేసి, సోర్స్ నుంచి మళ్ళీ మొత్తం తెచ్చుకుంటాం. ఇప్పుడు నన్ను అడుగుతున్నది ఒకటే: "రెండిట్లో ఏది తప్పు?" ఏం చెప్పాలో తెలియట్లేదు.

జెట్‌స్పీడ్
కాష్ క్లియర్ చేసి చూశావా బ్రో? నాకూ ఇలాగే పాత అంకెలు ఇరుక్కుపోయేవి. కంట్రోల్ + ఎఫ్5.

కొత్తమొహం
అంకె ఇరుక్కుపోతే బాగానే ఉండేది బ్రో. ఇది కదిలిపోతోంది, అదీ బాధ.

గోడమీదపిల్లి
రెండూ తప్పు కాదు. 4,120 అనేది ఏప్రిల్ 2 నాటికి మీకు తెలిసిన మార్చి. 4,037 అనేది ఏప్రిల్ 20 నాటికి తెలిసిన మార్చి. మీ లోడ్ ఆ మొదటి దాన్ని చెరిపేసింది కాబట్టి ఇప్పుడు నిరూపించుకోవడం కష్టమైంది, అంతే.

ఖాతాపుస్తకం
మేము అకౌంట్స్‌లో ఈ గొడవే పెట్టుకోం. నెల క్లోజ్ చేశామంటే క్లోజ్. తర్వాత ఏ సవరణ వచ్చినా వచ్చిన నెలలోనే పడుతుంది. మార్చి ఆర్డర్ ఏప్రిల్‌లో క్యాన్సిల్ అయితే ఏప్రిల్‌లో మైనస్ ఒకటి. మార్చి 4,120 గానే ఉంటుంది, ఎప్పటికీ. మీరూ అదే చేయండి.

రాత్రిబ్యాచ్
@ఖాతాపుస్తకం గారూ, అది పుస్తకాలు మూసేవాళ్ళకి బాగుంటుంది. కానీ మార్చిలో నిజంగా ఎన్ని ఆర్డర్లు నిలిచాయో తెలుసుకోవాలనుకునేవాడికి మీ పద్ధతిలో జవాబు ఏ నెలలోనూ దొరకదు. మార్చి ఎక్కువ చూపిస్తుంది, ఏప్రిల్ తక్కువ చూపిస్తుంది. రేపు ఎవరో "ఏప్రిల్‌లో డిమాండ్ పడిపోయింది" అని స్లైడ్ వేస్తారు.

అదీకాక మీ లెక్కల్లోనూ అన్ని సవరణలూ ముందు నెలలోకి తోయరు కదా? అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 8 ప్రకారం అంచనా మారితే ఇకమీదటి కాలానికే పడుతుంది. పాత కాలంలో గణనీయమైన తప్పు దొరికితే మాత్రం ఆ పాత అంకెల్నే సరిదిద్ది మళ్ళీ చూపించాలి.

ఖాతాపుస్తకం
నిజమే. ఆ తేడా ఉంది. కానీ నెలనెలా మారే అంకెని ఏ ఆడిటరూ ఒప్పుకోడు, అది మాత్రం రాసిపెట్టుకోండి.

రాత్రిబ్యాచ్
మారడం ఒప్పుకుంటాడండీ. ఎందుకు మారిందో చెప్పలేకపోతేనే ఒప్పుకోడు.

@కొత్తమొహం, ముందు ఒక ప్రశ్న. ఏప్రిల్ 2 నాటి డేటాబేస్ బ్యాకప్ ఉందా?

కొత్తమొహం
ఉంది. 30 రోజులవి దాస్తాం.

రాత్రిబ్యాచ్
అయితే అదృష్టవంతుడివి. ఏప్రిల్ 2 బ్యాకప్‌ని పక్కన ఇంకో స్కీమాలో తెరువు. పాత టేబుల్, ఇప్పటి టేబుల్ రెండిటినీ `order_id` మీద ఫుల్ ఔటర్ జాయిన్ చెయ్. ఒకటి గుర్తుంచుకో: రెండువైపులా మార్చికి ఫిల్టర్ పెట్టకుండానే జాయిన్ చెయ్యాలి, లేకపోతే తేదీ మారిన ఆర్డర్లు మాయమైనట్టు కనిపిస్తాయి. జాయిన్ అయ్యాక, పాత తేదీ గానీ కొత్త తేదీ గానీ మార్చిలో ఉన్నవాటిని తీసుకుని గుట్టలుగా వేరు చెయ్. పాతదాంట్లో లేనివి ఒక గుట్ట, స్టేటస్ మారినవి ఒకటి, తేదీ మారినవి ఒకటి. మూడింటి కూడిక −83 రావాలి. రాకపోతే నాలుగో కారణం ఏదో ఉన్నట్టు.

తెల్లకాగితం
ఇంత తతంగం ఎందుకు. మేము ప్రతి నెలా రిపోర్టు పీడీఎఫ్ తీసి ఫోల్డర్‌లో పడేస్తాం. ఎవరైనా అడిగితే "ఇదిగో అప్పుడు పంపింది". అయిపోయింది.

జెట్‌స్పీడ్
తెల్లకాగితం గారికి వేరే పేరు కుదరదు 😄

కొత్తమొహం
చేశాను. ఫలితం ఇదీ:

ఏప్రిల్ 2న పంపింది 4,120
ఆలస్యంగా వచ్చిన ఆర్డర్లు +61
తర్వాత క్యాన్సిల్ అయినవి −118
తేదీ మార్చి నుంచి ఏప్రిల్‌కి సవరించినవి −26
ఏప్రిల్ 20న ఉన్నది 4,037

సరిగ్గా −83. ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది. ఆ 61లో చాలావరకు నెట్‌వర్క్ లేక ఆఫ్‌లైన్‌లో తీసుకున్న ఆర్డర్లు. తర్వాత సింక్ అయ్యాయి. ఆ 26 రాత్రి పన్నెండు దాటాక తీసుకున్నవి, టైమ్‌జోన్ తప్పు వల్ల మార్చి 31లో పడ్డాయట. సోర్స్ టీమ్ ఏప్రిల్ 11న సరిదిద్దారు, మాకు చెప్పకుండా.

గోడమీదపిల్లి
ఈ అయిదు లైన్లే పంపు మీ వాళ్ళకి. "ఏది తప్పు" అన్న ప్రశ్న అక్కడితో ఆగుతుంది. పెద్ద వివరణలు రాయకు, ఎవరూ చదవరు.

నిదానం
ఒక సందేహం. ప్రతిసారీ బ్యాకప్ తెరవడం కుదరదు కదా. నా దగ్గర సోర్స్‌లో `updated_at` ఉంది. ప్రతి మార్పునీ కొత్త రికార్డుగా దాచుకుని, `updated_at <= '2025-04-02'` అని పెడితే ఆ రోజు అంకె వచ్చేస్తుంది కదా?

రాత్రిబ్యాచ్
మార్పుల్ని కొత్త రికార్డుగా దాచడం వరకూ కరెక్ట్. ఆ కాలమే తప్పు. కొత్తమొహం కేసే చూడు. ఆఫ్‌లైన్ ఆర్డర్‌కి `updated_at` మార్చి 29 అని ఉంటుంది, ఎందుకంటే ఆ పరికరంలో అప్పుడే సేవ్ అయింది. మన దగ్గరికి వచ్చింది ఏప్రిల్ 9న. నీ ఫిల్టర్ దాన్ని "ఏప్రిల్ 2కి తెలుసు" అని లెక్కేస్తుంది. ఆ 61లో 54 అలాంటివి అనుకుందాం, నీ క్వెరీకి 4,174 వస్తుంది. ఆ అంకె ఎవరూ ఎప్పుడూ పంపలేదు.

కావాల్సింది మన డేటా గోదాములోకి ఎప్పుడు చేరింది అన్న తేదీ. అది మనమే వేయాలి, సోర్స్‌ని నమ్మకూడదు. నేను `loaded_at` అంటాను, పేరు ఏదైనా పర్లేదు.

రాత్రి వచ్చిన డేటాలో కొత్తవీ, మారినవీ మాత్రమే చేర్చు:

```sql
INSERT INTO orders_hist
  (order_id, order_date, status, row_hash, loaded_at)
SELECT s.order_id, s.order_date, s.status, s.row_hash, CURRENT_TIMESTAMP
FROM stage_orders s
LEFT JOIN orders_latest l ON l.order_id = s.order_id
WHERE l.order_id IS NULL OR l.row_hash <> s.row_hash;
```

`stage_orders` అంటే ఆ రాత్రి సోర్స్ నుంచి తెచ్చిన డేటా. `row_hash` అంటే రికార్డు విలువలన్నిటి మీద కట్టిన హ్యాష్, ఏ విలువ మారినా అదీ మారుతుంది. `orders_latest` అంటే హిస్టరీలో ప్రతి ఆర్డర్‌కీ చివరి వెర్షన్ చూపించే వ్యూ. ఏప్రిల్ 2 నాటి మార్చి కావాలంటే:

```sql
SELECT COUNT(*)
FROM (
  SELECT order_date, status,
         ROW_NUMBER() OVER (PARTITION BY order_id
                            ORDER BY loaded_at DESC) AS rn
  FROM orders_hist
  WHERE loaded_at <= '2025-04-02 06:00'
) t
WHERE rn = 1
  AND status <> 'CANCELLED'
  AND order_date >= '2025-03-01'
  AND order_date <  '2025-04-01';
```

నిదానం
తేదీ ఫిల్టర్ బయట ఎందుకు పెట్టారు? లోపల పెడితే తక్కువ రికార్డులు చదువుతుంది కదా, వేగంగా ఉంటుంది.

రాత్రిబ్యాచ్
వేగంగా తప్పు అంకె వస్తుంది 🙂

తేదీ మారిన ఆ 26 ఆర్డర్లకి హిస్టరీలో రెండేసి వెర్షన్లు ఉంటాయి, పాతది మార్చి 31, కొత్తది ఏప్రిల్ 1. మార్చి ఫిల్టర్ లోపల పెడితే కొత్త వెర్షన్ అసలు కనబడదు, పాతదానికే `rn = 1` వస్తుంది. ఏప్రిల్ 20 నాటికి అడిగినా 4,037 బదులు 4,063 వస్తుంది. స్టేటస్ ఫిల్టర్ కూడా లోపల పెట్టావంటే క్యాన్సిల్ అయిన 118 కూడా లేచి కూర్చుంటాయి. ముందు చివరి వెర్షన్ ఏదో తేల్చాలి, ఆ తర్వాతే అది మార్చిదా కాదా అని చూడాలి.

పనితీరు కావాలంటే ఇప్పటి స్థితికి వేరే టేబుల్ పెట్టుకో. డ్యాష్‌బోర్డు దాన్నే చదువుతుంది. హిస్టరీ దగ్గరికి ఎవరైనా అడిగినప్పుడే వెళ్తావు.

మేఘాలలో
ఇదంతా చేత్తో ఎందుకు రాస్తున్నారో నాకర్థం కావట్లేదు. డెల్టా లేక్‌లో టైమ్ ట్రావెల్ ఉంది, స్నోఫ్లేక్‌లో ఉంది, బిగ్‌క్వెరీలో ఉంది. డెల్టాలో అయితే `TIMESTAMP AS OF` అంటే అయిపోయె.

గోడమీదపిల్లి
ఎన్నాళ్ళ వెనక్కి వెళ్తుంది అన్నా అది? బిగ్‌క్వెరీలో గరిష్ఠంగా 7 రోజులు. స్నోఫ్లేక్‌లో మామూలుగా 1 రోజు, ఎంటర్‌ప్రైజ్ తీసుకుంటే 90 దాకా పెంచుకోవచ్చు. డెల్టాలో `VACUUM` నడిపితే డిఫాల్ట్‌గా 7 రోజులు దాటిన పాత ఫైళ్ళు ఎగిరిపోతాయి. పొరపాటున టేబుల్ చెడగొడితే వెనక్కి తెచ్చుకోవడానికి అది. పోయినేడాది మార్చి గురించి అడిగితే ఏం చేస్తావు?

మేఘాలలో
రిటెన్షన్ పెంచుకుంటే సరి. స్టోరేజ్ చవకే.

గోడమీదపిల్లి
రోజూ 90 రోజులు చెరిపి రాసే వాళ్ళకి చవక కాదు. మారని రికార్డు కూడా రోజుకో కాపీ అవుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ టెంపోరల్ టేబుల్‌లోనూ ఇదే కథ. డిలీట్ చేసి మళ్ళీ ఇన్సర్ట్ చేస్తే ప్రతి రికార్డూ హిస్టరీ టేబుల్లోకి వెళ్తుంది, విలువ మారకపోయినా. రాత్రిబ్యాచ్ హ్యాష్ పోల్చింది అందుకే.

పొద్దుతిరుగుడు
నా కేసు కొంచెం వేరు. మొత్తం మారలేదు, ప్రాంతాల వారీగా మారింది. ఉత్తర విభాగం కింద ఉన్న కొన్ని శాఖల్ని తూర్పులోకి మార్చారు. మాస్టర్ టేబుల్‌లో కోడ్ మార్చగానే గత మూడేళ్ళ ఉత్తర విభాగం అమ్మకాలు తగ్గిపోయాయి. ఆ విభాగం మేనేజర్ "నా పాత బోనస్ కూడా వెనక్కి తీసుకుంటారా" అని అడిగాడు.

జెట్‌స్పీడ్
మేనేజర్ పాయింట్ కరెక్టే!

రాత్రిబ్యాచ్
చాలామంది మర్చిపోయేది ఇదే. ఆర్డర్ల టేబుల్‌కి హిస్టరీ పెట్టి, శాఖ ఏ విభాగంలో ఉందో చెప్పే టేబుల్‌ని మాత్రం ఓవర్‌రైట్ చేస్తుంటారు. దానికీ ఎప్పటినుంచి ఎప్పటివరకు అన్న తేదీలు కావాలి. అప్పుడు "అప్పటి విభాగాల ప్రకారం", "ఇప్పటి విభాగాల ప్రకారం" అని రెండూ తీయొచ్చు. బోనస్‌కి మొదటిది, ట్రెండ్ చూడ్డానికి రెండోది.

తెల్లకాగితం
నా పీడీఎఫ్‌లో మాత్రం ఉత్తర విభాగం ఎప్పటిలాగే ఉంటుంది. చెప్తున్నానంతే.

గోడమీదపిల్లి
నిజానికి తెల్లకాగితం గారు సగం కరెక్టు. హిస్టరీ ఎంత బాగా పెట్టినా, లెక్క కట్టే కోడ్ మారితే పాత అంకె తిరిగి రాదు. "క్యాన్సిల్ అయినవి వదిలెయ్" అన్న రూల్‌ని రేపు "రిటర్న్ అయినవీ వదిలెయ్" అని మార్చారనుకోండి, ఏప్రిల్ 2 నాటి డేటామీద కొత్త రూల్ నడుస్తుంది. వ్యక్తిగత డేటా చెరిపేయమని ఎవరైనా అడిగితే ఆ రికార్డులు హిస్టరీలోంచి కూడా తీసేయాల్సి రావచ్చు, అప్పుడూ కుదరదు.

అందుకే బయటికి పంపిన అంకెని పంపినట్టే ఒక టేబుల్లో దాచాలి. పీడీఎఫ్ కాదు, టేబుల్. ఏ సూచిక, ఏ నెల, ఏ విలువ, ఎప్పుడు పంపాం, ఏ లోడ్ బ్యాచ్ మీద, ఏ కోడ్ వెర్షన్‌తో. ఆ టేబుల్లో అప్‌డేట్, డిలీట్ హక్కులు ఎవరికీ ఇవ్వకూడదు, కొత్త లైను చేర్చడమే. పీడీఎఫ్‌తో గొడవ ఏంటంటే పన్నెండు నెలల తేడాలు చూడాలంటే పన్నెండు ఫైళ్ళు కళ్ళతో చదవాలి.

రాత్రిబ్యాచ్
బ్యాచ్ నంబర్ అన్నారు కదా, అది గడియారం టైమ్ కంటే ముఖ్యం. నా పై క్వెరీలో ఉదయం 6:00 అని పెట్టాను, సులువుగా అర్థమవ్వాలని. నిజంలో లోడ్ 5:50కి మొదలై 6:20కి కమిట్ అయితే, `loaded_at` 5:50 అని పడుతుంది గానీ 6:00కి తీసిన రిపోర్టుకి ఆ రికార్డులు కనిపించి ఉండవు. ఒకట్రెండు ఆర్డర్ల తేడా వచ్చి, దాని వెనక రోజంతా పోతుంది. రిపోర్టు చదివిన చివరి పూర్తయిన బ్యాచ్ నంబర్ రాసుకుంటే ఈ తలనొప్పి లేదు.

కొత్తమొహం
పెట్టుకుంటాను రెండూ. ఇంకో భయం: మాది 90 రోజుల విండో. 100 రోజుల క్రితం ఆర్డర్‌ని ఇప్పుడు సవరిస్తే?

పొద్దుతిరుగుడు
రాదు. ఎర్రర్ కూడా రాదు. సోర్స్ ఒకటి చెప్తుంది, డ్యాష్‌బోర్డు ఒకటి చెప్తుంది, రెండూ హాయిగా ఉంటాయి. పవర్ బీఐ ఇంక్రిమెంటల్ రిఫ్రెష్ వాడేవాళ్ళకీ ఇదే, విండో బయట పడ్డ నెలని అది మళ్ళీ ముట్టుకోదు.

రాత్రిబ్యాచ్
వారానికోసారి సోర్స్‌లోనూ మన దగ్గరా నెలవారీగా రికార్డుల సంఖ్య, మొత్తాల కూడిక పోల్చు. తేడా వచ్చిన నెలని మాత్రం మళ్ళీ లోడ్ చెయ్. విండో ఎంత ఉండాలన్నది ఊహించక్కర్లేదు, `loaded_at` నుంచి `order_date` తీసేసి చూస్తే ఎన్ని రోజులకి ఎంత శాతం చేరుతోందో నీ డేటానే చెప్తుంది. పది రోజులకి దాదాపు అన్నీ వచ్చేస్తుంటే, అప్పటిదాకా ఆ నెల పక్కన "తాత్కాలికం" అని వెయ్.

డిలీట్లు కూడా చూసుకో. సోర్స్‌లో రికార్డే తీసేస్తే నా ఇన్సర్ట్‌కి తెలియదు, ఎందుకంటే అది వచ్చినవాటినే చూస్తుంది. విండోలోని ఐడీలన్నీ పోల్చి, కనబడనిదానికి "తొలగించబడింది" అన్న స్టేటస్‌తో కొత్త వెర్షన్ వేయాలి, లెక్కలో దాన్నీ క్యాన్సిల్ లాగే వదిలేయాలి. కానీ ముందు లోడ్ పూర్తిగా వచ్చిందని తేల్చుకుని. సగం వచ్చిన ఫైలుని నమ్మితే మిగతా సగాన్నీ నువ్వే చంపేస్తావు.

అంచనా_రాణి
ఫోర్‌కాస్టింగ్ చేసేవాళ్ళ తరఫున ఒక మాట. మోడల్‌ని పాత నెలలమీద పరీక్షించేటప్పుడు సవరించిన 4,037 ఇచ్చి "ఏప్రిల్ 2న నేనైతే ఇలా చెప్పేవాణ్ణి" అంటే అది మోసం, ఆ రోజు చేతిలో ఉన్నది 4,120. ఆర్థిక గణాంకాల్లో దీనికోసమే పాత విడుదలల్ని దాస్తారు. సెయింట్ లూయిస్ ఫెడ్ వాళ్ళ అల్‌ఫ్రెడ్ డేటాబేస్‌లో ఒక సిరీస్ ఫలానా తేదీన ఎలా కనిపించిందో అలాగే తీసుకోవచ్చు. అమెరికా జీడీపీ అంకె మామూలుగా ఒకే త్రైమాసికానికి మూడుసార్లు వస్తుంది, ఆపైన ఏటా సవరణ. అక్కడ ఎవరూ "ఏది తప్పు" అని కొట్టుకోరు.

ఖాతాపుస్తకం
వాళ్ళకి ఎప్పుడు సవరిస్తారో ముందే క్యాలెండర్ ఉంటుంది. ఇక్కడ ఏ పూట తెరిస్తే ఆ అంకె. నా అభ్యంతరం అదే మొదటినుంచీ.

అంచనా_రాణి
అది ఒప్పుకుంటాను. రోజూ కదిలే అంకెని బోర్డుకి చూపించకూడదు.

కొత్తమొహం
అయితే డ్యాష్‌బోర్డులో మొదట ఏది కనిపించాలి? పంపిన 4,120 ఆ, ఇప్పటి 4,037 ఆ?

ఖాతాపుస్తకం
పంపింది. సవరణలు మూడు నెలలకోసారి ఒక్కటే రోజు విడుదల చెయ్.

గోడమీదపిల్లి
ఇప్పటిది. పక్కన చిన్నగా "మొదట 4,120, తేడా −83" అని. రెండు శాతం తేడా తెలిసి కూడా మూడు నెలలు దాచిపెడితే, రేపు బయటపడినప్పుడు ఇంకా ఇబ్బంది.

పొద్దుతిరుగుడు
మా దగ్గర అర శాతం దాటితేనే వెంటనే సవరించి చెప్తాం, లోపలుంటే వచ్చే విడుదలదాకా ఆగుతాం. ఆ అర శాతం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, కానీ నడుస్తోంది.

ఖాతాపుస్తకం
ప్రతి నెలా అర శాతంలోపు ఒకేవైపు జారితే ఏడాదికి ఎంతవుతుందో చూసుకున్నారా ఎప్పుడైనా?

పొద్దుతిరుగుడు
... రేపు చూసి చెప్తాను.

నిదానం
సంబంధించిందే, ఇంకోటి. సంవత్సరం మొదటినుంచి మొత్తం చూపించేటప్పుడు, నెలనెలా పంపిన అంకెల్ని కూడాలా?

రాత్రిబ్యాచ్
వద్దు. జనవరి ఫిబ్రవరిలో పంపినది, ఫిబ్రవరి మార్చిలో పంపినది, ఇలా ఒక్కోటి ఒక్కో రోజు తెలిసినది. కొత్తమొహం కేసులో ఏప్రిల్ ఆర్డర్ల లెక్క మే మొదట్లో పంపితే ఆ 26 ఏప్రిల్‌లో ఉంటాయి. మార్చి 4,120లోనూ ఉన్నాయి. కూడితే రెండుసార్లు పడతాయి. ఒకే బ్యాచ్ మీద అన్ని నెలలూ మళ్ళీ తీసి కూడాలి, అప్పుడు నెలల అంకెలు పాత రిపోర్టులతో కలవవు, దానికి మళ్ళీ ఆ అయిదు లైన్ల పట్టీ ఇవ్వాలి.

కొత్తమొహం
జనవరికి ఆ పట్టీ ఇవ్వలేను, బ్యాకప్ లేదు. తెల్లకాగితం గారూ, మీ పీడీఎఫ్ ఫోల్డర్ లాంటిది మా ఆఫీసులో ఎవరి దగ్గరైనా ఉందేమో వెతుకుతున్నా.

తెల్లకాగితం
మెయిల్ అటాచ్‌మెంట్లలో చూడు బాబూ. మొత్తం అంకె దొరుకుతుంది. ఏ ఆర్డర్లు అన్నది మాత్రం దొరకదు.